పన్నెండు ఫ్రేముల పేక: బరంపురం చీరల కొట్టు లోగోకి కదలిక కట్టిన కేస్ స్టడీ

"ఏటి బాబూ, కొట్టు తలుపు తీస్తే చీరలు కనబడాల గానీ సినిమా వేస్తావేటి?"

బరంపురంలో మూడు తరాలుగా పట్టుచీరలు అమ్ముతున్న పెద్దాయన తన ఫోన్ నా ముందు పెట్టి అన్న మాట ఇది. ఆ సినిమా తీసింది నేనే. అంతకు రెండు నెలల ముందు వాళ్ళ యూట్యూబ్ చానల్ కోసం 7 సెకన్ల ఇంట్రో చేసిచ్చాను. చీకట్లోంచి బంగారు రేణువులు ఎగిరొచ్చి లోగోగా మారతాయి, చివర్లో ఒక మెరుపు. అది వాళ్ళబ్బాయికి బాగా నచ్చింది. ఆర్డర్లు తీసుకునే యాప్ చేయిస్తున్నప్పుడు అదే వీడియోని యాప్ మొదటి స్క్రీన్‌గా పెట్టించేశాడు. నేనూ సరేనన్నాను. అక్కడ సరేననడం నా తప్పు.

విశాఖలో ఉన్న డెవలపర్ కుర్రాడితో ఫోన్‌లో మాట్లాడి, అసలు ఎంతసేపు పడుతోందో కొలిచాం. కొట్టులో స్టాఫ్ వాడే పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఈ కమాండ్ ఇస్తే చాలు:

```
adb shell am start -W com.example.app/.MainActivity
```

ఇది `TotalTime` అని మిల్లీసెకన్లలో ఒక అంకె చూపిస్తుంది. యాప్ మొదలుపెట్టిన క్షణం నుంచి మొదటి ఫ్రేమ్ తెర మీద పడేదాకా పట్టిన కాలం అది. మాకు ఒక సెకను లోపే వచ్చింది. అంటే యాప్ తయారుగానే ఉంది, దాని ముందు నా వీడియో 7 సెకన్లు అడ్డంగా నిలబడింది. చీర రంగు చూడ్డానికి రోజుకి పదిసార్లు యాప్ తెరిచే సేల్స్ అమ్మాయికి ఇది పదిసార్లూ 7 సెకన్లే.

పెద్దాయన దగ్గర కూర్చుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి నేను అడిగిన ప్రశ్న "ఇంట్రో ఎలా ఉండాలి" అని కాదు. "ఈ కొట్టు కదిలితే ఎలా కదులుతుంది" అని అడిగాను. ఆయన కాసేపు నన్ను వింతగా చూసి, తర్వాత మగ్గం చూద్దువు గాని రమ్మని తీసుకెళ్ళారు.

మగ్గం దగ్గర దొరికింది

బరంపురం గురించి బయటివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక కాసేపటికే వచ్చే ఊరు ఇది. వీధిలో ఒడియా, మా ఇళ్ళలో తెలుగు. ఇక్కడి పట్టుచీరకి అంచే ప్రాణం. గుడి శిఖరాలు వరసగా నిలబెట్టినట్టు మెట్లుమెట్లుగా ఉండే ఆ అంచుని ఫోడా కుంభ అంటారు. బరంపురం పట్టాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఆ పేరుతోనే. కొట్టు లోగో కూడా అదే: మెరూన్ రంగు మీద పసుపు గీతలతో ఒక కుంభం, ఐదు మెట్లు, కింద పేరు. పేరు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి.

మగ్గం దగ్గర అరగంట ఫోన్‌లో వీడియో తీశాను. అడ్డనూలు మోసే నాడె ఒక పక్కనుంచి ఇంకో పక్కకి విసురుగా పోతుంది. చేరేముందు నెమ్మదిస్తుంది. వెంటనే పేకని, అంటే ఆ అడ్డనూలుని, దగ్గరికి కొట్టే దెబ్బ పడుతుంది. ఆ దెబ్బ పొట్టిది, తిరిగి ఎగరదు. తర్వాత కాలు మారేంతవరకు ఒక చిన్న ఆగుడు. మళ్ళీ నాడె అటునుంచి ఇటు.

ఈ మూడు ముక్కలే నాకు కావలసినవి. రేణువులూ మెరుపులూ ఏ నగల కొట్టుకైనా పెట్టొచ్చు. ఈ పరుగు, దెబ్బ, ఆగుడు మాత్రం మగ్గానివి. వాటిని సెకనుకి 30 ఫ్రేములున్న టైమ్‌లైన్ మీద ఇలా పెట్టుకున్నాను: నాడె పరుగుకి 7 ఫ్రేములు, దెబ్బకి 3, ఆగుడుకి 2. మొత్తం 12 ఫ్రేములు, అంటే 0.4 సెకను. ఒక పేక పడితే కుంభం ఒక మెట్టు పెరుగుతుంది. నిజం మగ్గం ఇంత వేగంగా ఆడదు. కొలత మగ్గానిది కాదు, మూడు ముక్కల మధ్య ఉన్న నిష్పత్తి మాత్రం దానిదే.

నాడె పరుగుకి, దెబ్బకి వేగం మారే తీరు వేరు. పరుగు గబుక్కున మొదలై మెల్లగా ఆగాలి. దెబ్బ మెల్లగా కదిలి టక్కున ఆగాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ గ్రాఫ్‌లో గీసిన వంపులనే అంకెలుగా రాసుకున్నాను, ఎందుకంటే రేపు వెబ్‌సైట్ చేసేవాళ్ళకి నా ప్రాజెక్ట్ ఫైల్ ఎందుకూ పనికిరాదు, అంకెలు పనికొస్తాయి:

```
--nade:  cubic-bezier(0.16, 1, 0.3, 1);
--debba: cubic-bezier(0.7, 0, 0.84, 0);
```

ఇక్కడ వాళ్ళబ్బాయికీ నాకూ చిన్న వాదన జరిగింది. మెట్టు పడ్డాక కొంచెం పైకి ఎగిరి మళ్ళీ కుదురుకోవాలని, అలా అయితే హుషారుగా ఉంటుందని అతనన్నాడు. అన్ని యాప్‌లలోనూ బంతిలా ఎగిరే కదలిక చూసి చూసి అందరికీ అలవాటైపోయింది. నేను రెండూ చేసి పెద్దాయనకి చూపించాను. ఎగిరేది చూడగానే "రబ్బరా అది, పట్టా?" అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

వీడియో ఇంట్రో

ముందు తేలికైన పని. ఐదు పేకలకి 60 ఫ్రేములు, అంటే సరిగ్గా 2 సెకన్లు. పేరు కనబడటానికి 15 ఫ్రేములు. చదువుకోవడానికి కదలకుండా 25 ఫ్రేములు. మొత్తం 100 ఫ్రేములు, 3.3 సెకన్లు. పాతదానిలో సగం కూడా లేదు. పైగా దీన్ని వీడియో మొదట్లో పెట్టవద్దని చెప్పాను. ముందు వాళ్ళబ్బాయి చీర చేతిలో పట్టుకుని "ఈ రోజు ఈ రంగు వచ్చింది" అని ఒక్క వాక్యం చెబుతాడు, ఆ తర్వాత ఇంట్రో వస్తుంది. యూట్యూబ్ స్టూడియోలో చూపు నిలిచే గ్రాఫ్ తెరిస్తే పాత వీడియోలన్నిటికీ మొదటి కొన్ని సెకన్లలోనే గీత నిట్టనిలువుగా కిందికి దిగి ఉంది. వచ్చినవాళ్ళు చీర చూడ్డానికి వచ్చారు, లోగో చూడ్డానికి కాదు.

శబ్దం ఆ మగ్గం దగ్గరే ఫోన్‌లో తీసిన దెబ్బ. దాన్ని కలిపేటప్పుడు చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను: దెబ్బ కదలిక మొదలయ్యే ఫ్రేము దగ్గర శబ్దం పెట్టాను. చూస్తే ఏదో తేడా, ఏమిటో తెలియదు. తీరా చూస్తే శబ్దం పుట్టేది పేక తగిలినప్పుడు, అంటే ఆ 3 ఫ్రేముల్లో చివరిదాని దగ్గర. వేవ్‌ఫామ్‌లో ఎత్తైన ముల్లుని ఆ ఫ్రేముకి తెచ్చి పెట్టగానే సరిపోయింది.

తర్వాత రంగు. నా ల్యాప్‌టాప్‌లో పదునుగా ఉన్న గీతలు యూట్యూబ్‌కి ఎక్కించాక మసకబారాయి. మొదటి డ్రాఫ్ట్‌లో కుంభం మెట్లు మెరూన్ మీద ఎర్ర గీతలుగా ఉండేవి, చీరలో అలాగే ఉంటాయి కాబట్టి. మామూలు వీడియో ఫైళ్ళలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది గానీ, రంగు సమాచారం అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గిపోతుంది, నాలుగు పిక్సెళ్ళకి ఒక రంగు. ఎరుపుకీ మెరూన్‌కీ వెలుగులో తేడా తక్కువ. తేడా అంతా రంగులోనే ఉంది, ఆ రంగు సమాచారమే ఎక్కువగా పోతోంది. అందుకే గీత అంచు అలికినట్టయింది. ముందే తెలుసుకోవాలంటే బొమ్మని నలుపు-తెలుపుగా మార్చి చూడాలి. అప్పుడు కూడా గీత కనబడితే వీడియోలో నిలబడుతుంది. మాది కనబడలేదు. గీతని జరీ పసుపుకి మార్చి, 1080 ఎత్తున్న వీడియోలో కనీసం 4 పిక్సెళ్ళ మందం ఉండేలా చూశాను.

స్త్రా విరిగిపోయిన రోజు

పేరు దగ్గర ఒక పూట పోయింది. కొట్టు పేరులో "వస్త్రాలయం" ఉంది. ఇంగ్లిష్ పేర్లకి అందరూ చేసేట్టు, అక్షరం తర్వాత అక్షరం కనబడే టెక్స్ట్ యానిమేటర్ వేశాను. ప్రివ్యూలో "స్త్రా" ముక్కలైపోయింది. స కింద ఉండాల్సిన తవత్తు పక్కకి వచ్చి కూర్చుంది, రవత్తు ఇంకో చోట. ఒడియా పేరు పరిస్థితీ అదే.

దీనికి రెండు పొరల కారణం ఉంది. మొదటిది సెట్టింగ్. నేను వాడిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వెర్షన్‌లో, ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే పేజీలో టెక్స్ట్ ఇంజిన్ `Latin` మీద ఉంటే భారతీయ లిపులు సరిగా కూడవు. దాన్ని `South Asian and Middle Eastern`కి మార్చాలి. మార్చాక, కదలకుండా ఉన్నంతసేపు పేరు సరిగ్గా కనబడింది. కానీ యానిమేటర్ వేయగానే మళ్ళీ అనుమానమే, ఎందుకంటే అది అక్షరాలని విడివిడిగా లెక్కపెట్టుకునే పద్ధతి. "స్త్రా" మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం.

నేను చేసిన పని: పేరుని ఇల్లస్ట్రేటర్‌లో సరిగ్గా కూర్చి, అవుట్‌లైన్లుగా మార్చి, ఒక్కో గుణింతాన్ని వత్తులతో సహా ఒక గ్రూపు చేశాను. వ, స్త్రా, ల, యం. నాలుగు గ్రూపులు. తర్వాత వాటినీ విడివిడిగా కదిలించలేదు. పేరు మొత్తం మీద ఒక మాస్క్ పెట్టి, నాడె పోయిన దారిలోనే ఎడమనుంచి కుడికి తెరిచాను. మరి గ్రూపులు ఎందుకు చేశావంటే, ముందు ఒక్కొక్కటిగా కదిలించి చూశాను, అది కుంభం మీంచి చూపు లాగేస్తోంది. ఒక పూట శ్రమ అలా పోయింది.

యాప్ తెరిచే మొదటి సెకను

ఇక యాప్. ఇక్కడ రెండు వేర్వేరు చోట్లున్నాయి, వాటిని ఒకటే అనుకోవడం వల్లే అసలు గొడవ. ఐకాన్ మీద తట్టగానే ఫోనే చూపించే స్ప్లాష్ ఒకటి. తర్వాత యాప్ లోపల చీరల బొమ్మలు నెట్‌నుంచి వచ్చేదాకా కనబడే లోడింగ్ ఇంకొకటి. మొదటిది మన చేతిలో లేదు, రెండోదానికి ముగింపు ఎప్పుడో తెలియదు.

ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రతి యాప్‌కీ స్ప్లాష్ తప్పనిసరిగా ఫోనే వేస్తుంది. వేరే స్ప్లాష్ పెట్టుకుంటే రెండు స్ప్లాష్‌లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మా పాత యాప్‌లో కొత్త ఫోన్లలో జరిగింది అదే: ముందు కొట్టు ఐకాన్, తర్వాత నా 7 సెకన్ల వీడియో. ఫోను వేసే స్ప్లాష్‌లో వీడియో పెట్టలేం, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌నుంచి తీసే లాటీ ఫైల్ కూడా పెట్టలేం. కదలాలంటే ఆండ్రాయిడ్ సొంత వెక్టర్ యానిమేషన్ ఫైల్, యానిమేటెడ్ వెక్టర్ డ్రాయబుల్ ఒక్కటే కుదురుతుంది. దాని నిడివి 1000 మిల్లీసెకన్లు దాటకూడదని గూగుల్ సలహా. మా పేక 400. రెండు పేకలు వేస్తే 800. అంతకంటే తక్కువ వేస్తే లయ తెలియదు, మూడు వేస్తే హద్దు దాటుతుంది. ఆ అంకె అలా కలిసి రావడం నా తెలివి కాదు, అదృష్టం.

```xml
<item name="windowSplashScreenBackground">@color/maroon</item>
<item name="windowSplashScreenAnimatedIcon">@drawable/avd_kumbha</item>
<item name="windowSplashScreenAnimationDuration">800</item>
```

ఇందులో రెండుసార్లు దెబ్బతిన్నాను. మొదటిది ఆకారం. ఆండ్రాయిడ్ తెర కొలత అయిన డీపీల్లో చెబితే ఐకాన్‌కి ఇచ్చే చోటు 288 డీపీల చదరం, కానీ కనబడేది మధ్యలో 192 డీపీల వ్యాసం ఉన్న గుండ్రంలో మాత్రమే. మా లోగో అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. చదరానికి సరిపెడితే పేరు అటూ ఇటూ తెగిపోయింది. మొత్తం గుండ్రంలోకి కుదిస్తే పేరు చీమంత అయింది. పేరు తీసేశాను. ఐకాన్ మీద తట్టినవాడికి ఏ యాప్ తెరిచాడో తెలుసు. ఒక్క కుంభం మిగిలింది, అది గుండ్రంలో చక్కగా ఇమిడింది.

రెండోది ఇంకా ముఖ్యం. యాప్ మొదటి ఫ్రేమ్ సిద్ధం కాగానే ఫోన్ స్ప్లాష్‌ని తీసేస్తుంది. మన యానిమేషన్ అయిందా లేదా అని ఆగదు. వాళ్ళబ్బాయి కొత్త ఫోన్లో అర సెకనుకే తీసేసింది. నా మొదటి వెర్షన్ ఖాళీ తెర నుంచి మొదలయ్యేది కాబట్టి, అతనికి కనబడింది ఒక మొండి మెట్టు మాత్రమే. డెవలపర్ కుర్రాడు, "అన్నా, కావాలంటే యానిమేషన్ అయ్యేదాకా ఆపొచ్చు, `setKeepOnScreenCondition` ఉంది కదా" అన్నాడు. ఉంది. అది లోపల నిజంగా పని అవుతున్నప్పుడు వాడుకోవడానికి. బొమ్మ కోసం మనిషిని ఆపితే మళ్ళీ పెద్దాయన సినిమా దగ్గరికే వెళ్తాం. దానికి బదులు బొమ్మనే మార్చాను: మొదటి ఫ్రేములోనే మూడు మెట్లు ఉంటాయి, రెండు పేకలు మిగతా రెండు మెట్లు వేస్తాయి. ఎక్కడ కోసినా కుంభం కుంభంలాగే ఉంటుంది.

ఆండ్రాయిడ్ 12 కంటే పాత ఫోన్లలో ఈ కదలిక రాదు, బొమ్మ నిలబడి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేశాం. ఐఫోన్ యాప్ ఇంకా లేదు గానీ, వస్తే అక్కడ లాంచ్ స్క్రీన్ అసలు కదలదు. ఐదు మెట్ల కుంభం, మెరూన్ రంగు, అంతే.

లోడింగ్: పెరిగే కుంభం చెప్పిన అబద్ధం

ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

ఈ కొట్టుకి ఆర్డర్లిచ్చే చిన్న వ్యాపారులు చాలామంది గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్ళలో ఉంటారు. సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. బొమ్మలు రావడానికి ఒక్కోసారి అర సెకను, ఒక్కోసారి ఎనిమిది సెకన్లు. లోడింగ్ కోసం లాటీ ఫైల్ చేద్దామనుకున్నాం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన కదలికని బాడీమూవిన్ ప్లగిన్ ఒక జేసన్ ఫైల్‌గా రాస్తుంది, దాన్ని యాప్ లోపల లాటీ లైబ్రరీ గీస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసిన లైబ్రరీ అది.

మొదటి ఎగుమతి 2.8 ఎంబీ వచ్చింది. కుంభం లోపల నేను వేసిన పట్టు నేత ఫొటో టెక్స్చర్ మొత్తం జేసన్ లోపలికి అక్షరాలుగా ఎక్కేసింది. లోడింగ్ బొమ్మే అంత బరువుంటే ఇంకేం లోడింగ్! ఫొటో తీసేసి, గీతలన్నీ షేప్ లేయర్లుగా మార్చాక 30 కేబీ దగ్గరికి వచ్చింది. జరీ మెరుపు కోసం వేసిన గ్లో ఫోన్లో కనబడనే లేదు. అలాంటి ఎఫెక్టులని లాటీ చాలావరకు గీయదు, ఎర్రర్ కూడా చూపించదు, మౌనంగా వదిలేస్తుంది. అందుకని ల్యాప్‌టాప్‌లో కాదు, ఫోన్లో పెట్టి చూశాకే నమ్మాలి.

ఇక కదలిక. సహజంగానే ఇంట్రోలో ఉన్నదే పెట్టాను: ఐదు పేకలు, ఐదు మెట్లు, కుంభం నిండుతుంది, మళ్ళీ ఖాళీ అయి మొదటినుంచి. చూడ్డానికి బాగానే ఉంది. కొట్టుకొచ్చిన ముగ్గురు వ్యాపారుల చేతికి ఫోన్ ఇచ్చి, నెట్ కావాలని నెమ్మది చేసి, పక్కన నిలబడ్డాను. ముగ్గురిలో ఇద్దరు కుంభం రెండోసారి ఖాళీ అవగానే వెనక్కి నొక్కేశారు. ఎందుకని అడిగితే ఒకాయన, "నిండిపోయి మళ్ళీ మొదటికొచ్చింది కదండీ, ఫెయిలయినట్టుంది" అన్నారు.

ఆయన చదివినదాంట్లో తప్పేమీ లేదు. పెరుగుతున్నది ఏదైనా, నిండగానే పని అవుతుందని చెబుతుంది. మా యాప్‌కి ఎంత శాతం వచ్చిందో తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు గీశాను. ఇంట్రోలో అదే కుంభం పెరిగితే ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ నిండిన మరుక్షణం నిజంగా వీడియో మొదలవుతుంది.

కాబట్టి లోడింగ్‌లో కుంభం ఎత్తు మారకూడదు. స్ప్లాష్ చివర ఐదు మెట్లతో నిలబడ్డ కుంభమే లోడింగ్ మొదట్లోనూ ఉంటుంది, అదే చోట, అదే సైజులో. దాని మీదుగా నాడె ఎడమనుంచి కుడికి పోతుంది, పేక పడి కుంభంలో కలిసిపోతుంది, ఆగుతుంది. తర్వాత కుడినుంచి ఎడమకి. 24 ఫ్రేములు, 0.8 సెకను, ఒక చుట్టు. పెద్దాయన చూసి "నేస్తూనే ఉన్నారు, చీర పెరగదేం?" అన్నారు. వ్యాపారుల సంగతి చెప్పాక ఒప్పుకున్నారు గానీ, మనసులో ఇంకా ఒప్పుకోలేదని నా అనుమానం.

చుట్టు కలిసే చోట ఒక కుదుపు వస్తుంటుంది. మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము ఒకటే అయితే, జిఫ్ లాంటి వాటిలో ఆ బొమ్మ రెండుసార్లు పడి కదలిక ఒక క్షణం నత్తిగా అనిపిస్తుంది. దాన్ని వెతికి ఒక ఫ్రేము కోయడం ఒక పద్ధతి. నేను కలిసే చోటునే ఆ 2 ఫ్రేముల ఆగుడులోకి జరిపాను. అప్పటికి నాడె అంచు దాటి కనబడకుండా పోయి ఉంటుంది, ఏదీ కదలడం లేదు. కదలని చోట కుట్టు వేస్తే కుట్టు కనబడదు.

ఈ జరపడం ఇంకోదానికీ పనికొచ్చింది. బొమ్మలు వచ్చేశాక లోడింగ్ ఎలా ముగియాలి? నాడె మధ్యలో ఉండగా మాయమైతే తెగినట్టు ఉంటుంది. చుట్టు పూర్తయ్యేదాకా ఆగితే 0.8 సెకను వరకు ఊరికే ఆపినట్టు. కానీ 12వ ఫ్రేము దగ్గరా, 24వ ఫ్రేము దగ్గరా తెర మీద ఉన్నది ఒకే బొమ్మ: నాడె లేదు, కుంభం ఉంది. అంటే రెండు చోట్లనుంచీ ఒకే ముగింపులోకి వెళ్ళొచ్చు. ఎక్కువలో ఎక్కువ 0.4 సెకను ఆగాలి. ముగింపు 24 నుంచి 33 వరకు: కుంభం చిన్నదై పైన ఉన్న పట్టీలో తన చోటికి వెళ్తుంది. కుర్రాడు ఒక్కో పేకని ఒక్కో ముక్కగా ఆడించాడు:

```kotlin
fun nextPass() {
    when {
        ready -> { leaving = true; view.setMinAndMaxFrame(24, 33) }
        fromLeft -> view.setMinAndMaxFrame(0, 12)
        else -> view.setMinAndMaxFrame(12, 24)
    }
    fromLeft = !fromLeft
    view.playAnimation()
}
```

ఒక ముక్క అయిపోగానే, `leaving` కాకపోతే, ఇది మళ్ళీ పిలవబడుతుంది. కొందరు బ్యాటరీ కోసమో, కళ్ళు తిరుగుతాయనో ఫోన్లో యానిమేషన్లు ఆపేసుకుంటారు. వాళ్ళ విషయంలో ఇది ఆడించకూడదు. ముందుగా `ANIMATOR_DURATION_SCALE` చదివి, అది 0 అయితే నిలబడ్డ కుంభం, కింద "చీరలు వస్తున్నాయి" అన్న మాట మాత్రం చూపిస్తాం. ఆ మాట జేసన్ లోపల లేదు, మామూలు యాప్ టెక్స్ట్. లోపల పెడితే "స్త్రా" కష్టాలు మళ్ళీ మొదలు, పైగా ఒడియాకి మార్చాలంటే ఇంకో ఫైల్ చేయాలి.

సమయం విషయంలో రెండు హద్దులు పెట్టాం. బొమ్మలు 300 మిల్లీసెకన్ల లోపు వచ్చేస్తే లోడింగ్ అసలు చూపించం. చూపించడం మొదలుపెడితే మాత్రం ఒక్క పేకైనా పూర్తిగా పడాలి, లేకపోతే తెర టపుక్కున మెరిసినట్టవుతుంది. పది సెకన్లు దాటితే నాడె ఆగిపోయి "సిగ్నల్ అందడం లేదు, మళ్ళీ చూడమంటారా?" అన్న బటన్ వస్తుంది. ఎంత అందమైన చుట్టయినా పది సెకన్ల తర్వాత ఎవరికీ ఓపిక మిగలదు. మళ్ళీ నెట్ నెమ్మది చేసి, వేరే ముగ్గురి చేతికి ఫోనిచ్చి చూశాను. ఈసారి ఎవరూ వెనక్కి నొక్కలేదు. ఒకావిడ మాత్రం "మగ్గం ఆడుతోంది" అని పక్కనున్న పిల్లకి చూపించింది. ముగ్గురితో చేసిన పరీక్షని లెక్కగా చెప్పుకోకూడదు, చూసింది చూసినట్టు రాస్తున్నానంతే.

ఇచ్చి వచ్చింది

చివరికి వాళ్ళకి ఇచ్చినవి ఇవి. పేరుతో ఉన్న 3.3 సెకన్ల వీడియో ఒకటి. చీర దృశ్యం మీదే లోగో వేసుకోవడానికి, వెనక రంగు లేకుండా ప్రోరెస్ 4444లో అదే వీడియో ఇంకొకటి, ఎందుకంటే మామూలు ఎంపీ4లో పారదర్శకత నిలవదు. స్ప్లాష్ వెక్టర్, లోడింగ్ జేసన్, దెబ్బ శబ్దం. వాటితో పాటు ఒక పేజీ కాగితం: 7, 3, 2 అనే ఫ్రేములు, రెండు వంపుల అంకెలు, గీత మందం, కుంభం ఎక్కడ పెరగొచ్చు ఎక్కడ పెరగకూడదు. మెరుపులు, ఎగిరే మెట్లు వద్దని కింద పెద్దాయన మాటగానే రాశాను: "పట్టు, రబ్బరు కాదు."

రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి వాళ్ళబ్బాయి ఆ కాగితం చూసుకుని సొంతంగా ఒక రీల్ చేశాడు. నిలువు తెర కాబట్టి రెండే పేకలు వేశాడు, మెరూన్‌కి బదులు కుంకుమ ఎరుపు పెట్టాడు. పంపిస్తే చూశాను. అన్నీ కుదిరాయి గానీ దెబ్బ శబ్దం ఒక ఫ్రేము ఆలస్యంగా పడుతోంది. మెసేజ్ పెట్టాను: "తమ్ముడూ, శబ్దం ఒక్క ఫ్రేము ముందుకి లాగు." పది నిమిషాల్లో సరిచేసి మళ్ళీ పంపాడు.